లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌కు రెండో భాషా రూపం: అవసరమా, అవసరమైతే ఏ భాష ముందుండాలి

స్వతంత్రంగా పనిచేసే ఇంజినీర్లకు, అనువాదకులకు, సలహాదారులకు ఒక ప్రాంతం నుంచి వరుసగా పనులు రావడం మొదలైతే, అక్కడి క్లయింట్ల భాషలో కూడా ప్రొఫైల్ పెట్టాలా అనే ప్రశ్న ఎదురవుతుంది. చాలామంది ఈ ప్రశ్నను క్లయింట్ మాతృభాష ఏమిటన్న దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. లింక్డ్‌ఇన్ విషయంలో అది సరైన ఆరంభం కాదు. రెండో భాషా రూపం ఎవరికి కనిపిస్తుందో నిర్ణయించేది చూసే వ్యక్తి మాతృభాష కాదు, అతను లింక్డ్‌ఇన్‌ను ఏ భాషలో వాడుతున్నాడన్నది. ఈ ఒక్క నియమాన్ని పూర్తిగా అర్థం చేసుకుంటే, రెండో రూపం ఉంచాలా వద్దా, ఏ భాషను ముందుంచాలి అనే రెండు ప్రశ్నలకూ జవాబు చాలావరకు దొరుకుతుంది.

చర్చ గాలిలో తేలకుండా ఉండటానికి ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న కార్యాలయం పెట్టుకుని యంత్రాల డిజైన్, డ్రాయింగులు చేసిచ్చే ఇంజినీరు ఒకరున్నారు. ఆమెకు రెండు రకాల క్లయింట్లు. ఒక వర్గం జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ప్యాకింగ్ యంత్రాలు తయారుచేసే మధ్యతరహా సంస్థలు. రెండో వర్గం మిర్యాలగూడ, నిజామాబాద్, గోదావరి జిల్లాల రైస్ మిల్లుల యజమానులు. వారికి ఎలివేటర్లు, కన్వేయర్లు, డ్రయ్యర్ల మార్పుచేర్పులకు డ్రాయింగులు కావాలి. ఆమెకు ఇంగ్లీషు ధారాళంగా వచ్చు. జర్మన్ చదివి అర్థం చేసుకోగలరు, ఉత్తరం రాయగలరు, కానీ వేగంగా సాగే ఫోన్ సంభాషణలో తడబడతారు. తెలుగు మాతృభాష. ప్రస్తుతం ప్రొఫైల్ ఇంగ్లీషులో మాత్రమే ఉంది.

మొదటి అడుగు: ఎవరికి ఏ రూపం కనిపిస్తుందో కాగితం మీద రాసుకోవడం

లింక్డ్‌ఇన్‌లో ప్రతి ప్రొఫైల్‌కు ఒక ప్రధాన భాష ఉంటుంది. దానికి అదనంగా ఇతర భాషల్లో రూపాలను చేర్చవచ్చు. చూసే వ్యక్తి లింక్డ్‌ఇన్‌ను వాడుతున్న భాషలో మీ రూపం ఒకటి ఉంటే అతనికి అదే తెరుచుకుంటుంది. లేకపోతే ప్రధాన భాషా రూపం తెరుచుకుంటుంది. ఇతర రూపాలున్నాయని తెలిసినవారు ప్రొఫైల్ పేజీలో ఉండే భాషల జాబితా నుంచి మరొకదాన్ని ఎంచుకోగలరు కాని, ఆ జాబితాను వెతుక్కుంటూ వెళ్లే క్లయింట్లు అరుదు. కాబట్టి మొదట తెరుచుకునేదే వారు చదివేది అనుకుని లెక్క వేసుకోవడం క్షేమం.

ఇప్పుడు మన ఇంజినీరుకు ఉన్న అవకాశాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. ఇంగ్లీషు ప్రధానంగా ఉంచి జర్మన్ రూపం చేర్చారనుకోండి. జర్మన్‌లో లింక్డ్‌ఇన్ వాడే స్టుట్‌గార్ట్ క్లయింటుకు జర్మన్ రూపం కనిపిస్తుంది. ఇంగ్లీషులో వాడే మిల్లు యజమానికి ఇంగ్లీషు కనిపిస్తుంది. అనుకోకుండా పోలిష్‌లోనో ఇటాలియన్‌లోనో లింక్డ్‌ఇన్ వాడే కొత్త వ్యక్తి వస్తే అతనికీ ఇంగ్లీషే కనిపిస్తుంది, అతను చదువుకోగలడు కూడా. ఈ అమరికలో ఎవరూ అర్థంకాని పేజీ ముందు నిలబడరు.

జర్మన్‌ను ప్రధానంగా పెట్టి ఇంగ్లీషును రెండోదిగా పెడితే, జర్మన్, ఇంగ్లీషు వాడుకదారులకు తేడా ఏమీ ఉండదు. తేడా మూడో భాషల వారికి మాత్రమే వస్తుంది: పోలిష్ వాడుకదారుకు జర్మన్ పేజీ తెరుచుకుంటుంది. ఇక్కడే ప్రధాన భాష అసలు స్వభావం బయటపడుతుంది. అది మీ ముఖ్యమైన క్లయింట్ల భాష కానక్కర్లేదు. మీరు ఊహించని సందర్శకులందరికీ చూపే భాష అది.

ఇక తెలుగు. ఇంగ్లీషు ప్రధానంగా ఉంచి తెలుగు రూపం చేర్చితే, లింక్డ్‌ఇన్‌ను తెలుగులో వాడేవారికి మాత్రమే అది కనిపిస్తుంది. ఫోన్‌ను, యాప్‌లను ఇంగ్లీషులోనే ఉంచుకునే మిల్లు యజమానికి అది ఎప్పటికీ దానంతట అది తెరుచుకోదు. తెలుగునే ప్రధానంగా పెడితేనో? ఇంగ్లీషు రూపం కూడా ఉన్నంతకాలం ఇంగ్లీషులో యాప్ వాడే అదే మిల్లు యజమానికి మళ్లీ ఇంగ్లీషే తెరుచుకుంటుంది. ఇంగ్లీషు రూపాన్ని పూర్తిగా తీసేస్తే తప్ప ఆయనకు తెలుగు కనిపించదు. తీసేస్తే, జర్మన్ రూపం తెరుచుకునేవారికి మినహా ప్రపంచమంతటికీ తెలుగు పేజీ తెరుచుకుంటుంది. అంటే, తెలుగు మాట్లాడుతూ ఇంగ్లీషులో యాప్ వాడే మనిషిని చేరడానికి రెండో భాషా రూపం అనే సాధనమే పనికిరాదు. ఆ మనిషికి వేరే మార్గం ఉంది, దాని దగ్గరకు తర్వాత వస్తాను.

రెండో అడుగు: క్లయింట్లు ఏ భాషలో తెరలు చూస్తున్నారో తెలుసుకోవడం

క్లయింటును నేరుగా అడగడంలో తప్పు లేదు. కాని అడగకుండానే తెలుసుకునే ఆనవాళ్లు మీ పాత ఉత్తరాల్లో ఉంటాయి. జర్మన్ భాషలో పెట్టుకున్న అవుట్‌లుక్ నుంచి జవాబు వస్తే విషయం పంక్తి ముందు `RE:` బదులు `AW:` ఉంటుంది. ముందుకు పంపిన ఉత్తరానికి `FW:` బదులు `WG:` ఉంటుంది. మీరు పంపిన సమావేశ ఆహ్వానాన్ని అంగీకరించినప్పుడు `Accepted:` అని వచ్చిందా, `Zugesagt:` అని వచ్చిందా చూడండి. ఫోన్ నుంచి రాసిన ఉత్తరం చివర `Von meinem iPhone gesendet` అని ఉంటే ఆ ఫోన్ భాష జర్మన్ అని అర్థం. ఉత్తరంలోని మాటలు ఇంగ్లీషులో ఉన్నా ఈ ఆనవాళ్లు యంత్రం భాషను పట్టిస్తాయి. క్లయింట్లు పంపే తెర చిత్రాల్లో బటన్ల మీది రాత కూడా ఇదే పని చేస్తుంది.

ఈ ఆనవాళ్లు లింక్డ్‌ఇన్ భాషకు కచ్చితమైన రుజువులు కావు. కార్యాలయపు కంప్యూటర్ ఒక భాషలో, లింక్డ్‌ఇన్ ఇంకో భాషలో పెట్టుకునేవారు ఉంటారు. బహుళజాతి సంస్థల్లో పనిచేసే జర్మన్లు అన్నింటినీ ఇంగ్లీషులో ఉంచుకోవడం సాధారణమే. అయినా గత ఏడాది మీతో మాట్లాడిన క్లయింట్లందరి ఉత్తరాలను ఈ దృష్టితో ఒకసారి తిరగేస్తే మొగ్గు ఎటుందో తెలుస్తుంది. మన ఇంజినీరు తిరగేసినప్పుడు మధ్యతరహా జర్మన్ సంస్థల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం `AW:` తోనే ఉన్నాయని, అందులోనూ కొనుగోలు విభాగం వారివి దాదాపు అన్నీ అలాగే ఉన్నాయని అనుకుందాం. డిజైన్ విభాగంలోని ఇంజినీరు ఇంగ్లీషు ప్రొఫైల్‌ను హాయిగా చదువుకోవచ్చు. కాని బయటివారికి పని ఇవ్వాలా వద్దా అని పరిశీలించే కొనుగోలు అధికారి తన భాషలో ఉన్న పేజీనే నింపాదిగా చదువుతాడు. రెండో రూపం ఎవరి కోసం అంటే ఈ రెండో వ్యక్తి కోసం.

మిల్లు యజమానుల వైపు చిత్రం వేరు. లింక్డ్‌ఇన్ 2021 డిసెంబరులో హిందీని చేర్చింది. తర్వాత తెలుగు కూడా చేరింది. కాబట్టి తెలుగులో వాడే వీలు లేదని కాదు. కాని మిల్లు యజమానులు ఆమెను కనుక్కునేది లింక్డ్‌ఇన్ వెతుకులాటలో కాదు; పక్క మిల్లులో చేసిన పని చూసి, ఫ్యాబ్రికేషన్ చేసినవారి నోట పేరు విని ఫోన్ చేస్తారు. ప్రొఫైల్‌ను వారు చూసేది ఆ తర్వాత, అదీ మిల్లు బాధ్యత తీసుకున్న కొడుకో కూతురో ఇంగ్లీషు యాప్‌లో తెరిచి చూపిస్తే.

మూడో అడుగు: ప్రధాన భాషను తేల్చుకోవడం

దీన్ని రెండో భాష రాతకంటే ముందే తేల్చుకోవాలి. ఎందుకంటే ప్రధాన భాషను ఒకసారి నిర్ణయించాక దాన్ని మార్చే వీలును లింక్డ్‌ఇన్ ఇవ్వదు. కొందరు ఈ అడ్డంకిని దాటడానికి ఇంగ్లీషు అని నమోదైన ప్రధాన రూపంలోనే జర్మన్ రాతను నింపుతారు. అప్పుడు వ్యవస్థ దాన్ని ఇంగ్లీషు పేజీగానే భావించి, ఇంగ్లీషు వాడుకదారులందరికీ జర్మన్ రాతను చూపిస్తుంది. ఇది సమస్యను పరిష్కరించకపోగా దాచిపెడుతుంది; దీన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ప్రధాన భాష కోసం వేసుకోవలసిన ప్రశ్న ఇదొక్కటే: నేను ఎదురుచూడని మనిషి, నాకు తెలియని దేశం నుంచి నా పేజీకి వస్తే, ఏ భాషలో చదువుకోగల అవకాశం ఎక్కువ? మన ఇంజినీరుకు జవాబు ఇంగ్లీషే. జర్మనీ నుంచి వచ్చే ఆదాయం ఎంత పెరిగినా ఈ జవాబు మారదు, ఎందుకంటే జర్మన్ తెరలు వాడేవారికి జర్మన్ రూపం ఎలాగూ తెరుచుకుంటుంది. జర్మనీలో స్థిరపడి, అక్కడి సంస్థలకే పనిచేస్తూ, బయటి పనులు తీసుకోదలచుకోని మనిషికి జర్మన్ ప్రధానంగా ఉన్నా నష్టం లేదు. కాని అలాంటి మనిషికి కూడా దానివల్ల అదనంగా కలిగే లాభం ఏమిటో నాకు కనిపించదు. పెద్ద ఆర్డర్లు ఎక్కడ నుంచి వస్తే ఆ భాషను ముందుంచాలన్న సహజమైన ఆలోచన ఈ వేదిక మీద పొరపాటు.

నాలుగో అడుగు: ఆ భాషలో పేజీ ఇచ్చే మాటను మీరు నిలబెట్టుకోగలరా

జర్మన్ పేజీ చదివిన వ్యక్తి జర్మన్‌లో ఉత్తరం రాస్తాడు, బహుశా జర్మన్‌లోనే ఫోన్ చేస్తాడు. మీకు ఆ భాష రానప్పుడు వేరొకరితో రాయించి పెట్టిన అందమైన పేజీ మొదటి ఫోన్‌లోనే ఎదురుతిరుగుతుంది. క్లయింటుకు మీ డ్రాయింగుల మీద అనుమానం రాదు, మీరు రాసిన మాటల మీద వస్తుంది. డిజైన్ పనిలో అది ఇంకా పెద్ద నష్టం.

దీనికి అర్థం ఆ భాషలో నిష్ణాతులైతేనే రూపం పెట్టాలని కాదు. భాష ఎంతవరకు వచ్చో అదే పేజీలో, అదే భాషలో, పై భాగంలోనే చెప్పాలి. మన ఇంజినీరు జర్మన్ పరిచయంలో రాయవలసిన విషయం ఇది: జర్మన్‌లో ఉన్న డ్రాయింగులు, సాంకేతిక వివరణలు, ఉత్తరాలు నేరుగా చదువుతాను, జర్మన్‌లో జవాబు రాస్తాను, సమావేశాలు ఇంగ్లీషులో జరుపుతాను. ఈ ఒక్క వాక్యం కొనుగోలు అధికారికి చాలా పనికొస్తుంది, ఎందుకంటే తన సంస్థలోని కాగితాలను అనువదించి పంపవలసిన శ్రమ లేదని అతనికి తెలుస్తుంది. లింక్డ్‌ఇన్ `Languages` విభాగంలో భాషా సామర్థ్యాన్ని అయిదు స్థాయిల్లో ఎంచుకోవచ్చు. ఆమె జర్మన్‌కు అక్కడ `Limited working proficiency` ఎంచుకోవడం నిజాయితీ. పరిచయంలో ఒక స్థాయి, అక్కడ ఇంకో స్థాయి చెప్పకూడదు.

చదవడం కూడా రాని భాషలో రూపం పెట్టవద్దు. ఆ భాషలో వచ్చే మొదటి ఉత్తరానికి ఒక పనిదినంలో మీరే జవాబు రాయగలరా అన్నది మంచి కొలబద్ద.

అయిదో అడుగు: జర్మన్ రూపాన్ని తయారుచేయడం

కంప్యూటర్ బ్రౌజర్‌లో మీ ప్రొఫైల్ పేజీ తెరిస్తే పక్కన `Profile language` అనే పెట్టె ఉంటుంది. దాని పక్కనున్న పెన్సిల్ గుర్తును నొక్కి కొత్త భాషను ఎంచుకుంటే, పేరు, ఇంటిపేరు, శీర్షిక పంక్తి అడుగుతుంది. లింక్డ్‌ఇన్ మీ రాతను అనువదించి పెట్టదు. పరిచయం, ఉద్యోగాల పేర్లు, వాటి వివరణలు అన్నీ మీరే ఒక్కొక్కటిగా ఆ భాషలో నింపాలి. నింపని భాగాలు జర్మన్ పేజీలో ఇంగ్లీషులోనే మిగిలి, సగం కట్టి వదిలేసిన పనిలా కనిపిస్తాయి. కాబట్టి ముందు రాత మొత్తాన్ని విడిగా ఒక ఫైలులో సిద్ధం చేసుకుని, సరిచూపించుకుని, అప్పుడే భాషను చేర్చాలి.

పేరు దగ్గర తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మన అలవాటులో ఇంటిపేరు ముందు వస్తుంది, లేదా ఒక పొడి అక్షరంగా మిగిలిపోతుంది. జర్మన్ క్లయింటు మీకు రాసే మొదటి ఉత్తరంలో ఇంటిపేరుతోనే సంబోధిస్తాడు, దాన్ని ఇంటిపేరు గడి నుంచే తీసుకుంటాడు. ఆ గడిలో పొడి అక్షరమో, సొంత పేరులోని రెండో భాగమో ఉంటే సంబోధన మొదటి ఉత్తరంలోనే తప్పుతుంది, తర్వాత బిల్లుల మీద, ఒప్పందాల మీద కూడా అలాగే కొనసాగుతుంది. పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరును పూర్తిగా ఆ గడిలో రాయడం మంచిది.

శీర్షిక పంక్తికి 220 అక్షరాల పరిమితి ఉంది. జర్మన్ సమాసాలు పొడవు కావడంతో ఇంగ్లీషులో సరిపోయిన పంక్తి జర్మన్‌లో మించిపోవచ్చు. ఇంగ్లీషు పంక్తిని మాటకు మాట దించడం ఇక్కడ రెండు విధాలా చెరుపు చేస్తుంది. యంత్ర డిజైన్ చేసేవారిని ఇంగ్లీషులో డిజైన్ ఇంజినీర్ అంటాం. జర్మన్‌లో `Designer` అని రాస్తే రూపురేఖలు దిద్దే కళాకారిణి అనుకుంటారు. ఆ వృత్తిలో ఉన్న మహిళను వారు `Konstrukteurin` అంటారు, ఆ విభాగాన్ని `Konstruktion` అంటారు. ఇలాంటి మాట ఒక్కటి తప్పితే వెతికేవారికి మీరు దొరకరు. అందుకే భాష మాత్రమే తెలిసిన అనువాదకుడి కంటే, అదే వృత్తిలో ఉన్న జర్మన్ మాతృభాషి ఒకరితో చదివించడం ఎక్కువ మేలు. పాత క్లయింట్ సంస్థలో మీతో సన్నిహితంగా పనిచేసిన ఇంజినీరును అడిగితే తరచుగా ఒప్పుకుంటారు, ఎందుకంటే అడుగుతున్నది ఒక పేజీ మాత్రమే.

పరిచయ భాగానికి 2,600 అక్షరాల వరకు అవకాశం ఉంది కాని, మొదటి మూడు నాలుగు పంక్తులు మాత్రమే నేరుగా కనిపించి మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ మొదటి పంక్తుల్లో ఏముండాలన్నది ప్రాంతాన్ని బట్టి మారాలి. ఇంగ్లీషు పేజీలో ఆమె అనుభవం, చేసిన యంత్రాల రకాలు ముందుండవచ్చు. జర్మన్ పేజీలో కొనుగోలు అధికారి మనసులోని ప్రశ్నలకు ముందు జవాబులుండాలి: ఏ సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లు ఇస్తారు, డ్రాయింగులు ఏ ఐఎస్‌ఓ ప్రమాణాల ప్రకారం ఉంటాయి, జర్మనీ సమయంలో ఏ గంటల్లో అందుబాటులో ఉంటారు, యంత్ర భద్రతకు సంబంధించిన యూరోపియన్ నిబంధనలతో పరిచయం ఉందా. చివరి అంశం ఇప్పుడు మరింత ముఖ్యం, ఎందుకంటే 2006 నాటి యంత్రాల ఆదేశం స్థానంలో వచ్చిన 2023/1230 నిబంధన 2027 జనవరి 20 నుంచి అమలుకు వస్తుంది. తయారీ సంస్థలన్నీ తమ కాగితాలను దానికి అనుగుణంగా మార్చుకోవాలి. ఆమె నిజంగా ఆ పని చేసి ఉంటేనే ఇది రాయాలి, చేయకపోతే రాయకూడదు.

వివరణల దగ్గర పొదుపు అవసరం. పదేళ్ల కిందటి ఉద్యోగాల వివరణలను కూడా జర్మన్‌లో రాస్తే, తర్వాత ప్రతి మార్పునూ రెండు చోట్ల చేయవలసి వస్తుంది. నా సలహా ఏమిటంటే శీర్షిక, పరిచయం, ఇటీవలి రెండు పనుల వివరణలు మాత్రం పూర్తిగా రాసి, పాతవాటికి ఉద్యోగం పేరును జర్మన్‌లో ఇస్తే చాలు, అంత పాత వివరణలు ఇంగ్లీషులో మిగిలినా పరవాలేదు. క్లయింట్లు రాసిన సిఫారసు మాటలు వారు రాసిన భాషలోనే ఉంటాయి. వాటిని అనువదించే ప్రయత్నం చేయకండి. జర్మన్ క్లయింటును సిఫారసు అడిగేటప్పుడు మాత్రం జర్మన్‌లో రాయమని కోరవచ్చు.

రూపం సిద్ధమయ్యాక దాని చిరునామా ఈ విధంగా ఉంటుంది. పేరు ఉన్న చోట మీ ప్రొఫైల్ పేరు వస్తుంది.

```
https://www.linkedin.com/in/mee-peru/?locale=de_DE
```

ఈ చిరునామా ఉపయోగం పెద్దది. ఎదుటి వ్యక్తి లింక్డ్‌ఇన్ భాష ఏదైనా, ఏ రూపం చూపాలో మీరు ఎంచి పంపగలిగే మార్గం ఇదే. జర్మన్ క్లయింట్లకు రాసే ఉత్తరాల సంతకంలో ఈ చిరునామాను, మిగతావారికి మామూలు చిరునామాను ఉంచుకోవాలి.

ఆరో అడుగు: తెలుగు క్లయింట్లకు తగిన ఏర్పాటు

పైన వేసిన లెక్క ప్రకారం మిల్లు యజమానుల కోసం విడిగా తెలుగు రూపం పెడితే అది దాదాపు ఎవరికీ తెరుచుకోదు. అయినా తెలుగులో పలకరించవలసిన అవసరం నిజమైనది. దానికి సరైన చోటు ఇంగ్లీషు రూపంలోనే ఉంది. ఇంగ్లీషు పరిచయం చివర ఒక ఖాళీ పంక్తి వదిలి, తెలుగు లిపిలో రెండు మూడు వాక్యాలు చేర్చాలి. ఉదాహరణకు ఇలా: "రైస్ మిల్లు, పప్పు మిల్లు యంత్రాలకు, ఎలివేటర్లకు, కన్వేయర్లకు కొలతలు తీసుకుని డ్రాయింగులు చేసిస్తాను. మిల్లు దగ్గరకు వచ్చి చూస్తాను. తెలుగులోనే మాట్లాడుకోవచ్చు." ఇంగ్లీషు చదివే విదేశీయుడు ఈ మూడు వాక్యాలను దాటేస్తాడు, అతనికి ఇబ్బంది లేదు. తెలుగు చదివే వ్యక్తికి మాత్రం వెతికినది దొరుకుతుంది. తెలుగు వాక్యాలు ముందు పెట్టకూడదు, ఎందుకంటే నొక్కకుండా కనిపించే మొదటి పంక్తులు ఇంగ్లీషు సందర్శకులకు దక్కాలి. జర్మన్ రూపంలో ఈ వాక్యాలు అక్కర్లేదు.

అక్షరాల లెక్క ఇక్కడ ఒకసారి గుర్తుంచుకోవాలి. తెలుగులో గుణింతపు గుర్తు, వత్తు, సున్నా అన్నీ విడివిడి అక్షరాలుగానే లెక్కలోకి వస్తాయి. "నిర్మాణం" అనే మాట కంటికి మూడక్షరాలే, పరిమితి లెక్కలో ఎనిమిది. ఇంగ్లీషు పరిచయాన్ని 2,600 అంచు వరకు నింపేస్తే తెలుగుకు చోటు మిగలదు. కనీసం 400 అక్షరాలు వదిలి రాసుకోవడం మంచిది.

దీనికి తోడు ఒక పేజీ తెలుగు పీడీఎఫ్ తయారుచేసి, ప్రొఫైల్‌లోని `Featured` విభాగంలో ఉంచి, అదే కాగితాన్ని వాట్సాప్‌లో పంపుకోవచ్చు. అందులో చేసిన పనుల ఫొటోలు, ముందు ఎలా ఉండేది, తర్వాత ఎలా మారింది అన్న కొలతలు, ఫోన్ నంబరు ఉంటే చాలు. మిల్లు యజమాని ఇంకొకరికి పంపేది ఈ కాగితాన్నే, ప్రొఫైల్‌ను కాదు. ఆయన వాడే మాటలే అందులో ఉండాలి. షెల్లర్, ఎలివేటర్, డ్రయ్యర్ అనేవి మిల్లులో అందరూ అనే మాటలు. వాటికి కొత్త తెలుగు పదాలు కల్పిస్తే చదివేవారికి అది తమ యంత్రం గురించేనని తోచదు.

తెలుగు రూపం విడిగా పెట్టడం ఎవరికి తగుతుందన్న ప్రశ్న మిగిలింది. తెలుగు రాతే వృత్తి అయినవారికి, అంటే తెలుగు అనువాదకులకు, ప్రకటనలు రాసేవారికి, అది పని నమూనాగా ఉపయోగపడుతుంది. వారు `?locale=te_IN` తో ముగిసే చిరునామాను తమ క్లయింట్లకు స్వయంగా పంపి, తమ తెలుగు ఎలా ఉంటుందో చూపించవచ్చు. అక్కడ కూడా ఇంగ్లీషే ముందుండాలి, ఎందుకంటే తెలుగు అనువాదకుడికి పని ఇచ్చే సంస్థలోని అధికారికి తెలుగు రాకపోవడమే సాధారణం.

ఏడో అడుగు: సరిచూడటం, తర్వాత నిలుపుకోవాలా అని తేల్చడం

మీ ఖాతాలో లాగిన్ అయి చూసుకుంటే సందర్శకుడికి కనిపించేది తెలియదు. జర్మన్‌లో లింక్డ్‌ఇన్ వాడే పరిచయస్థుడిని ఒకరిని పేజీ తెరిచి మొదటి తెర చిత్రం పంపమని అడగండి. అలాంటివారు లేకపోతే, ఒక స్నేహితుడు తన సెట్టింగ్స్‌లో భాషను కొద్దిసేపు జర్మన్‌కు మార్చి చూసినా సరిపోతుంది. ఆ చిత్రంలో మూడు విషయాలు వెతకాలి: ఇంగ్లీషులో మిగిలిపోయిన ఉద్యోగం పేర్లు, మధ్యలో తెగిపోయిన శీర్షిక, జర్మన్ ప్రత్యేకాక్షరాల స్థానంలో వచ్చిన పిచ్చి గుర్తులు.

రెండో రూపం ఎక్కువగా చెడేది మొదటి రోజున కాదు. ఇంగ్లీషు పేజీలో కొత్త సేవ చేర్చి, పాతదాన్ని తీసేసి, జర్మన్ పేజీని మరిచిపోయినప్పుడు చెడుతుంది. రెండు పేజీలూ చూసిన క్లయింటుకు రెండు రకాల అందుబాటు వేళలు, రెండు రకాల సాఫ్ట్‌వేర్ పేర్లు కనిపిస్తే ఏది నిజమో తెలియదు. దీన్ని నివారించడానికి రెండు భాషల రాతనూ ఒకే ఫైలులో పక్కపక్కన ఉంచుకుని, ఒకవైపు వాక్యం మారితే రెండోవైపు వాక్యానికి అప్పుడే రంగు వేయాలి. రంగు ఉన్నంతకాలం మార్పు పూర్తికానట్టు. మారుతూ ఉండే వివరాలను, అంటే ధరలు, ఖాళీగా ఉన్న నెలలు వంటివాటిని రెండు పేజీల్లోనూ రాయకుండా ఉత్తరాల్లోనే చెప్పుకోవడం ఇంకా సులభం.

ఆరు నెలలయ్యాక ఫలితం చూడాలి. ప్రొఫైల్ చూసినవారి సంఖ్య పెరిగిందా అన్నది ఇక్కడ కొలత కాదు, ఆ సంఖ్య భాషతో సంబంధంలేని కారణాలతో కూడా మారుతుంది. కొత్తవారి నుంచి వచ్చిన మొదటి సందేశాల్లో జర్మన్‌లో రాసినవి ఉన్నాయా, వాటిలో జర్మన్ పరిచయంలో మాత్రమే ఉన్న వివరాలను ప్రస్తావించినవి ఉన్నాయా అని చూడాలి. అందుకే ఆ పేజీలో ఇంగ్లీషులో లేని వివరం ఒకటి, ఉదాహరణకు జర్మనీ సమయంలో అందుబాటు గంటలు, ఉంచడం మంచిది. దాన్ని పట్టుకుని ఎవరైనా రాస్తే వారు ఏ పేజీ చదివారో స్పష్టమవుతుంది. అలాంటి సందేశం ఒక్కటీ రాకపోతే, పాత క్లయింట్ల కొనుగోలు అధికారులను ఇద్దరు ముగ్గురిని అడిగి చూడాలి. వారికీ ఆ పేజీ ఎప్పుడూ తెరుచుకోలేదని తేలితే దాన్ని తొలగించడమే మేలు. `Profile language` దగ్గరే తొలగించే వీలుంటుంది, ఇంగ్లీషు రూపానికి దానివల్ల ఏమీ కాదు, సిద్ధం చేసుకున్న రాత ఫైలులో భద్రంగా ఉంటుంది. జర్మన్ సంస్థకు పంపే ప్రతిపాదనల్లో ఆ పరిచయాన్నే మొదటి పేజీగా వాడుకోవచ్చు.